తొమ్మిదో షరతు

ఎర్రప్పకు రాయి అంటే భయం లేదు. ఇరవై టన్నుల బండలు వీపు వెనక పెట్టుకుని ఘాట్‌రోడ్లు దిగే మనిషి. తనకల్లు దగ్గర వాళ్ల నాయన వేసిన వేరుశనగ వరుసగా మూడేళ్లు ఎండిపోతే, పదహారేళ్లకే తాడిపత్రికి వచ్చి లారీ ఎక్కినాడు. బండ జారి పక్కనున్నవాడి కాలు పోవడం కళ్లారా చూశాడు, మర్నాడు మళ్లీ లోడుకు పోయాడు. కాగితం అంటే మాత్రం అతనికి వణుకు.

"రాయి పడితే కాలు పోతాదని తెలుసు. కాగితం పడితే ఏం పోతాదో తెల్దు కదన్నా" అన్నాడు మా ఆఫీసుకు వచ్చిన మొదటి రోజు. నేను నవ్వాను. లాయరు లక్ష్మీపతి గారి దగ్గర పద్దెనిమిదేళ్లుగా గుమాస్తాను. నా పేరు ఓబిలేష్. కాగితాలకు భయపడేవాళ్లే నాకు అన్నం పెడుతున్నారు, నవ్వక ఏం చేస్తాను?

ఎర్రప్ప, మల్లీశ్వరి కొట్లాడుకుని విడిపోలేదు. నెలలో ఇరవై అయిదు రోజులు అతను రోడ్డు మీదే. ఆమె మిషను కుట్టుకుంటూ, కూతురు సుష్మను చూసుకుంటూ ఒంటరిగానే బతికింది. "ఉన్నా లేనట్టే ఉండాది సార్, లేకుండానే ఉంటాం" అని ఆమె అంటే, అతను తలవంచుకుని "నిజమే సార్" అన్నాడు. అప్పటికే వాళ్లు వేర్వేరుగా ఉండబట్టి ఏడాది దాటింది. పరస్పర అంగీకారంతో విడాకులకు అంతకన్నా ఏం కావాలి? ముందు షరతులు రాసుకుని, వాటిని జతచేసి ఇద్దరూ కలిసి పిటిషన్ వెయ్యాలి. ఆరు నెలలు ఆగి, రెండోసారి జడ్జి ముందు నిలబడి ఇష్టమేనని చెప్పాలి.

షరతులు రాసింది నేనే. రాసిందంటే, పాత ఫైలు తీసి పేర్లు మార్చాను. ఆ ఫైలు ఒక హైస్కూలు పంతులుది. ఏడేళ్ల సుష్మ తల్లి దగ్గర ఉంటుంది. చదువు, వైద్యం విషయంలో ఇద్దరూ మాట్లాడుకునే నిర్ణయించాలి. తండ్రి ప్రతి నెలా పదో తేదీలోపు పాప ఖర్చులు తల్లి ఖాతాలో వెయ్యాలి, ఏటా కొంత పెంచాలి. పుట్టింటి నగలు ఆమెవే. భరణం బదులు ఒక్కసారిగా ఇచ్చే మొత్తంలో సగం ఇప్పుడు, సగం రెండో వాయిదా నాడు. రెండో ఆదివారం, నాలుగో ఆదివారం పొద్దున పది నుంచి సాయంత్రం అయిదు దాకా పాప తండ్రి దగ్గర. తీసుకోవడం, అప్పజెప్పడం తాడిపత్రి బస్టాండులో. ఎండాకాలం సెలవుల్లో పదిహేను రోజులు. ఇవన్నీ ఎర్రప్ప, మల్లీశ్వరి చెప్పినవే.

తొమ్మిదోది మాత్రం ఎవరూ చెప్పలేదు. తండ్రి వరుసగా రెండు ఆదివారాలు రాకపోతే పాపను చూసే హక్కు వదులుకున్నట్టే. పంతులుకు ప్రతి ఆదివారం సెలవే కాబట్టి ఆ ఫైలులో అది చెల్లింది. లారీ డ్రైవరుకు ఆదివారం ఎక్కడిది? నేను ఆలోచించలేదు. పెళ్లిలో పురోహితుడు మంత్రం చదివినట్టు గబగబా చదివేశాను. ఎర్రప్ప ప్రతి షరతుకూ తల ఊపాడు. తొమ్మిదోది విని మల్లీశ్వరి తలెత్తి నా వైపు చూసింది, మళ్లీ తల దించుకుంది. ఇద్దరూ సంతకాలు పెట్టారు.

పిటిషన్ వేశాక అయిదు నెలలు ఎర్రప్ప ఒక్క ఆదివారం తప్పలేదు. ఆరో నెల రెండో ఆదివారం మద్రాసులో లోడు దిగక ఆగిపోయాడు. నాలుగో ఆదివారం మధ్యాహ్నం నాకు ఫోను. రెండో వాయిదా ఆ వచ్చే గురువారమే.

"అన్నా, విడపనకల్లు కాడ యాక్సిల్ ఇరిగింది. బండి మెకానిక్కుకు వదిలి బస్సు ఎక్కుతాండా. ఆ కాగితంలో రెండుసార్లు రాకుంటే ఏందో ఉండాదే, ఏమది?"

నేను చేసిన తప్పు అప్పుడు తెలిసింది. కోర్టు పాప మేలే చూస్తుంది, ఇట్లాంటి షరతును గుడ్డిగా ఒప్పుకోదు. కానీ అందరూ సరేనంటే ఎవరూ పట్టించుకోక డిక్రీలోకి ఎక్కిపోవచ్చు. తర్వాత మార్చుకోవాలంటే మళ్లీ పిటిషన్, మళ్లీ వాయిదాలు. లారీ మీద బతికేవాడు ఎన్ని వాయిదాలకు వస్తాడు?

"అయిదులోపల రాప్పా" అన్నాను. "రాకుంటే?" అన్నాడు. నేను చెప్పేలోపే అతని ఫోను ఆగిపోయింది. మళ్లీ చేస్తే స్విచాఫ్.

కాలు నిలవలేదు. బస్టాండుకు పోయాను. మల్లీశ్వరి పొద్దున పది నుంచీ అదే బెంచీ మీద ఉంది. కొత్త గౌను వేసుకున్న సుష్మ, గుత్తి వైపు నుంచి వచ్చే ప్రతి బస్సుకూ లేచి నిలబడుతోంది. నాలుగయింది. నాలుగున్నరయింది. మా సారుకు తెలిస్తే నా ఉద్యోగం పోతుందన్న భయం కూడా ఉందని దాచను. కానీ ఆ పిల్ల లేచి, మళ్లీ కూర్చోవడం చూస్తుంటే ఆ భయం చిన్నదైపోయింది.

అయిదు దాటింది. ఉండబట్టలేక చెప్పేశాను. "అమ్మా, తొమ్మిదో షరతు ఎవరూ రాయమనలేదు. వేరేవాళ్ల ఫైలులోది. తప్పు నాది."

"ఆ పొద్దు విన్నప్పుడే గుండె జల్లుమన్నె. కాగితమంటే అట్లే ఉంటాదేమో అనుకుంటి. చదువుకున్నోళ్లు మీరు" అంది. ఆ మాటకంటే చెంపదెబ్బ నయం. ఇంటికి పోదామని మాత్రం ఆమె లేవలేదు.

అయిదూ నలభైకి గుత్తి బస్సు వచ్చింది. అది పూర్తిగా ఆగకముందే ఎర్రప్ప దూకాడు. చొక్కా నిండా గ్రీసు. పరుగున వచ్చి, పది అడుగుల దూరంలో ఆగిపోయాడు. సుష్మ చేతులు చాపినా దగ్గరికి రాలేదు. నన్ను చూశాడు, మల్లీశ్వరిని చూశాడు. దొంగతనం చేసి దొరికినవాడిలా నిలబడ్డాడు.

"టైము అయిపోయిందా మల్లీ? ముట్టుకోవచ్చునా?"

ఎదురుగా బస్టాండు గడియారం ఉంది. మల్లీశ్వరి దాని వైపు తిరగను కూడా తిరగలేదు.

"ఇంకా అయిదు కాలేదు. ఎత్తుకో" అంది.

సోమవారం మా సారుకు చెప్పి చీవాట్లు తిన్నాను. ఉద్యోగం మిగిలింది. తొమ్మిదోది తీసేస్తున్నామని ఇద్దరి సంతకాలతో మెమో తయారుచేశాను. దాని చోట కొత్త షరతు: వీలుకాని ఆదివారం సంగతి శనివారంలోపు ఫోనులో చెప్పాలి, దానికి బదులు మరో ఆదివారం ఇవ్వాలి. ఈసారి ఒక్కో మాటా ఆగి ఆగి చదివాను.

గురువారం జడ్జమ్మ మెమో చూసి, "సంతకాలు పెట్టి ఆరు నెలలైంది. ఇప్పుడెందుకు మారుస్తున్నారు? అతను ఏమైనా బెదిరించాడా?" అని మల్లీశ్వరిని అడిగింది. ఎర్రప్ప మల్లీశ్వరి వైపు చూశాడు. ఆమె ఒక్క మాట అటూ ఇటూ అంటే అంతా ఆగిపోతుంది.

"లేదు మేడమ్" అంది మల్లీశ్వరి. "మా అమ్మకూ నాయనకూ పెద్దమనుషులు విడిపోను కాగితం రాసిచ్చినారు. రెండుసార్లు రాకుంటే మళ్లా రావద్దని అందులోనూ ఉన్నింది. మా నాయన కూలి కోసం సుగ్గికని వలస పోయి రెండుసార్లు రాలేదు. నేనంటే ఇష్టం లేక రాలేదని పదేళ్లు ఆయప్పను తిట్టుకుంటి. చచ్చిపోయినంక చెప్పినారు మేడమ్, మూడోసారి వచ్చి మా గడపలో నిలబడినాడంట. కాగితం చూపించి పంపించినారంట."