షహీనాజ్ దాచని నాలుగేళ్ళు

కైరోలో పాతకాలపు నటీమణులు వగీదా పేరు చెబితే చాలు, మొహం ముడుచుకునేవారు. ఆవిడ ఎవరినీ పల్లెత్తు మాట అని ఎరగదు పాపం. వాళ్ళ వయసులు సరిచూసేది, అంతే. అంతకన్నా ఏం చెయ్యాలి చెప్పండి.

ముప్ఫై ఏళ్ళుగా ఆమె కొలువు నటీనటుల నిఘంటువులో. మూడో అంతస్తులో ఒక గది, చెక్క సొరుగుల్లో పదకొండు వేల కార్డులు, కిటికీలో పుదీనా కుండీ. పెళ్ళి చేసుకోలేదు. తీరిక లేదనేది, ఆ మాటకు ఎవరూ నవ్వేవారు కాదు. ఒక్కో కార్డుకీ మూడు ప్రశ్నలు: తల్లిదండ్రులు పెట్టిన పేరేది, పుట్టింది నిజంగా ఎప్పుడు, మొదట వేదికెక్కింది ఎక్కడ. పత్రికల్లో ఇంటర్వ్యూలను ఆమె లెక్కలోకే తీసుకోదు. ఆ వయసు చెప్పేది ఆ నటే కాబట్టి. నాటకం కరపత్రం మీద తేదీ ఉంటే నమ్ముతుంది. ఇరవై ఏళ్ళ తర్వాత రాసిన జ్ఞాపకాలను నమ్మదు. అలా చూసి చూసి ఒకావిడకు ఆరేళ్ళు, ఇంకొకావిడకు తొమ్మిదేళ్ళు తిరిగి కట్టబెట్టింది. ఆ తొమ్మిదేళ్ళావిడ ఫోన్ చేసి అరగంట తిట్టింది. వగీదా ఓపిగ్గా విని, "మీరు చెప్పింది కూడా కార్డు మీద రాసుకున్నానండీ" అంది.

నిఘంటువు రెండో ముద్రణకు పది రోజులుందనగా షహీనాజ్ లుత్ఫీ నుంచి ఉత్తరం వచ్చింది. షుబ్రా పేటలో కన్యాస్త్రీలు నడిపే వృద్ధాశ్రమం నుంచి, వణికే చేత్తో రాసింది. "అమ్మా, నీ పుస్తకం నన్ను అబద్ధాలకోరు అంది. గుండె డాక్టరు ఈస్టరు దాకా గడువిచ్చాడు. మూడో ముద్రణ దాకా నేను ఆగలేను. ఒక్కసారి మళ్ళీ చూడు."

మొదటి ముద్రణలో ఆ నాలుగు ముక్కలు రాసింది వగీదాయే. "అసలు పేరు మార్త హబీబ్ దబ్బానే. జననం తంతా, 1934 (1938 అని చెప్పుకునేవారు). ఏడేళ్ళ వయసులో నాటక బృందంలో ఉన్నానన్న మాటకు ఆధారం లేదు." బట్టల కొట్టు యజమాని అయిన తండ్రి, గోడ పోస్టర్ల మీద తమ ఇంటిపేరు కనబడడానికి వీల్లేదన్నాడట. అందుకని బృందం యజమాని ఆమెకు షహీనాజ్ అని పేరు పెట్టాడు. అక్కడిదాకా పేచీ లేదు. 1945లో కసాయి కూతురి వేషం వేసిన చిన్నపిల్ల తనేనని ఆమె జీవితమంతా చెప్పుకుంది. ఆ నాటకం ఫోటోలో పిల్లకు ముందు పళ్ళు రెండూ లేవు. 1934లో పుట్టిన పిల్లకు అప్పటికి పదకొండేళ్ళు. పదకొండేళ్ళ పిల్లకు ముందు పళ్ళు రాకపోవడమేమిటని వగీదా కొట్టిపారేసింది.

"వదిలెయ్ అబ్లా," అన్నాడు సంపాదకుడు మునీర్. వయసులో చిన్నవాడు, ఆమెను అక్క వరసతో అబ్లా అనే పిలుస్తాడు. "నీ దగ్గర అయిదు కాగితాలున్నాయి. అయిదూ ముప్ఫై నాలుగే అంటున్నాయి. ముసలావిడ గారాలు పోతోంది."

"పోనీ, గారాలు పోవడానికి ఆవిడకి మాత్రం ఇంకెవరున్నారు?" అంటూ వగీదా సొరుగు లాగింది.

అయిదు కాగితాలూ బల్ల మీద పరిచింది. జనన పత్రం, బడి ధ్రువపత్రం, నటుల సంఘం దరఖాస్తు, పాస్‌పోర్టు నకలు, గుర్తింపు కార్డు. ఒక్కోదాన్ని దేన్ని చూసి రాశారా అని అడుగుతూ పోయింది. బడివాళ్ళు జనన పత్రం చూసి రాశారు. సంఘంవాళ్ళు బడి కాగితం చూసి రాశారు. పాస్‌పోర్టు, గుర్తింపు కార్డు మళ్ళీ జనన పత్రం చూసి. ఆమెకు తల కొట్టేసినట్టయింది. అయిదుగురు సాక్షులనుకున్నది ఒక్కడే సాక్షి, వాడే అయిదు చొక్కాలు మార్చుకొచ్చాడు. కొత్తగా చేరిన వాళ్ళకు తను మొదటి రోజు నేర్పే పాఠం ఇదే. తనే తప్పింది.

అయితే ఆ ఒక్కడితో సంబంధం లేని సాక్షి కావాలి. ఆ నాటక బృందం మూతబడినప్పుడు వచ్చిన పెట్టెలు గోదాములో జాబితా కాకుండా పడి ఉన్నాయి. మూడు రోజులు దుమ్ములో దగ్గుతూ వెతికితే, దుస్తులు కుట్టే దర్జీ కొలతల పుస్తకం దొరికింది. 1945 నవంబరు పేజీలో, కసాయి వేషానికి కింద: "కూతురు. దబ్బానే గారి మార్త. ఎత్తు నూట పదహారు. పొడవు రెండు వేళ్ళు మడిచి కుట్టాలి, ఎదిగే పిల్ల." దర్జీకి ఏ నటి వయసుతోనూ పని లేదు, గౌను సరిపోతే చాలు. నూట పదహారు సెంటీమీటర్లంటే పదకొండేళ్ళ పిల్ల కాదు, ఆరేడేళ్ళ పిల్ల.

వేదికెక్కింది ఆమే. మరి 1934లో పుట్టిందెవరు?

మర్నాడు రైలెక్కి, షహీనాజ్ పుట్టిన ఊరు తంతా వెళ్ళింది. దబ్బానేలు గ్రీకు కాథలిక్కులు, చర్చిలో బాప్తిస్మం పుస్తకం ఉండాలి. ఫాదర్ బులుస్ ముసలివాడు, చాదస్తం మనిషి. పుస్తకం ఇవ్వకముందు ఒక పళ్ళెం వేయించిన శనగలు తినిపించాడు.

"ఏ సంవత్సరం కావాలమ్మా?"

"ముప్ఫై నాలుగు. అదయ్యాక ముప్ఫై ఎనిమిది కూడా ఇవ్వండి."

"రెండెందుకు? మనిషొకత్తే కదా."

"అదే తేల్చుకోవాలి ఫాదర్."

ముప్ఫై నాలుగులో మార్త ఉంది. హబీబ్, ఆయన భార్య రోజ్‌ల కూతురు. పక్కనే చిన్న శిలువ గుర్తు, దాని కింద "1936 ఆగస్టులో ఖననం." ముప్ఫై ఎనిమిది జనవరిలో మళ్ళీ మార్త. అదే తండ్రి, అదే తల్లి, బాప్తిస్మమప్పుడు ఎత్తుకున్న జ్ఞానతల్లి మాత్రం వేరే ఆవిడ.

ఫాదర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆ రోజుల్లో మామూలేనమ్మా. పోయిన బిడ్డ చావు సర్కారుకి చెప్పేవారు కాదు. తర్వాత పుట్టినదానికి అదే పేరు పెట్టి, ఆ కాగితమే ఇచ్చేసేవారు. మళ్ళీ ఆఫీసు చుట్టూ ఎవడు తిరుగుతాడు?"

వగీదా రెండు పేజీలకూ నకళ్ళు రాయించుకుని ముద్ర వేయించుకుంది. తిరుగు రైల్లో కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. తన తప్పు బయటపడ్డందుకు కాదు, ముసలావిడ బతికుండగా బయటపడ్డందుకు.

షుబ్రాలో షహీనాజ్ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది, పెదాలకు రంగు వేసుకుని మరీ. "వచ్చావా పోలీసమ్మా. జైల్లో ఎన్నేళ్ళు వేస్తావు?"

"నాకే వెయ్యాలి మేడమ్," అంది వగీదా. కాగితాలు ఒక్కొక్కటే చదివి వినిపించింది. దర్జీ పేజీ విని ముసలావిడ నవ్వింది. "ఆ గౌను గుచ్చుకునేది," అంది. బాప్తిస్మం కాగితం విన్నాక నవ్వు ఆగిపోయింది.

"నాకు అక్క ఉండేదా?"

"రెండేళ్ళు ఉంది మేడమ్. మీకెవరూ చెప్పలేదా?"

"నువ్వు పుట్టింది ముప్ఫై ఎనిమిది చలికాలంలోనే అనేది అమ్మ. కాగితంలో వేరేలా ఉందేమంటే గుమాస్తా తాగి రాశాడనేది. అని వంటింట్లోకి వెళ్ళిపోయేది."

వగీదా కొత్త కార్డు చూపించింది. జననం 1938. తొలి వేదిక 1945, కసాయి కూతురిగా, దర్జీ పుస్తకం ఆధారం. కింద ఒక వాక్యం: మొదటి ముద్రణలోని పొరపాటుకు క్షమాపణ.

"నీ రుణం తీర్చుకోలేను పిల్లా," అంది షహీనాజ్, ఆమె చేయి పట్టుకుని. "ఈ ముక్క చూడకుండా పోతానేమోనని భయపడ్డాను."

"నేనే మీకు రుణపడ్డాను. మీరు అడక్కపోతే నా తప్పు అలాగే అచ్చులో ఉండిపోయేది."

"అయితే ఇంకొకటి చేసి పెట్టు. ఆ క్షమాపణ కొట్టెయ్, అది నాకెందుకు. ఆ చోట దాన్ని రాయి."

"ఎవర్ని మేడమ్?"

"మా అక్కని. దాని కాగితంతోనే నేను బడికెళ్ళాను, సంఘంలో చేరాను, ఓడెక్కి బేరూత్ వెళ్ళాను. అది ఎక్కడా లేదు. నీ పుస్తకంలోనైనా ఉండనీ."

నటులు కాని వాళ్ళను ఎక్కించకూడదన్నది నిఘంటువు నియమం. ఆ నియమం రాసింది వగీదాయే. అక్కడే మంచం అంచున కూర్చుని, క్షమాపణ వాక్యం అడ్డంగా కొట్టేసి, పైన రాసింది: "అక్క, మార్త హబీబ్ దబ్బానే, 1934-1936."