నా పోస్టులో ఎక్కువైన వాక్యం

రొయ్యలను శుభ్రం చేసి, గడ్డకట్టించి విదేశాలకు పంపే ఫ్యాక్టరీలో నాది ల్యాబు పని. రైతు చెరువు పట్టే ముందు, అంటే రొయ్యలు వలేసి తీసే ముందు, శాంపిల్ వస్తుంది. అందులో నిషేధించిన యాంటీబయాటిక్ జాడలు ఉన్నాయేమో నేను చూడాలి. ఉంటే ఆ సరుకు మా గేటు దాటదు.

ఒక మధ్యాహ్నం హెచ్.ఆర్. గదికి పిలిచారు. ఆర్డర్లు తగ్గాయని, రెండో షిఫ్టు ఎత్తేస్తున్నామని, దానితో పాటు నా పోస్టూ పోతుందని చెప్పారు. మాట మర్యాదగానే ఉంది. నోటీసు కాలానికి జీతం, అనుభవ పత్రం ఇస్తామన్నారు. సంతకం పెట్టి, తెల్లకోటు మడిచి బల్ల మీద ఉంచి, ఉండి ఊళ్ళో బస్సెక్కి, భీమవరంలో మారి తాడేపల్లిగూడెం వచ్చేశాను. దారిలో ఏడుపు రాలేదు. ఇంటి గేటు గొళ్ళెం తీస్తుంటే వచ్చింది.

మా ఆయనది గాజులు, రిబ్బన్లు అమ్మే ఫ్యాన్సీ దుకాణం. దానిది రోజుకో వరస. నెల తిరిగేసరికి ఖాయంగా వచ్చేది నా జీతమే. కాబట్టి ఏడుపు తొందరగా ముగించి, ఉద్యోగం కావాలంటూ ఫోన్‌లో పెట్టే పోస్టు రాయడానికి కూర్చున్నాను. మొదటిసారి రాసింది చాలా పెద్దదైంది. ఎంత కష్టపడ్డానో, పండగలకు కూడా ఎలా వెళ్ళానో అంతా కక్కేశాను.

మా ఆయన చదివి ఫోన్ తిరిగిచ్చారు. "ఇది ఉద్యోగం అడుగుతున్నట్టు లేదు. పంచాయితీ పెట్టించేలా ఉంది" అన్నారు.

నిజమే అనిపించి కోత మొదలుపెట్టాను. చివరికి మిగిలింది ఇది:

"నమస్కారం. రొయ్యల ఎగుమతి ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షల ల్యాబులో పనిచేశాను. ఆర్డర్లు తగ్గి రెండో షిఫ్టు ఎత్తేయడంతో నా పోస్టు పోయింది. అక్కడ పని నేర్పినవారికి కృతజ్ఞతలు. యాంటీబయాటిక్ అవశేషాల పరీక్షలు, సూక్ష్మజీవుల పరీక్షలు, ఆడిట్ రికార్డులు చూసుకోగలను. ఏలూరు, భీమవరం, కైకలూరు చుట్టుపక్కల ఎక్కడైనా వెంటనే చేరగలను. ఖాళీ ఉందని తెలిస్తే దయచేసి ఒక మాట చెప్పండి."

"ఆర్డర్ల సంగతి దేనికి? బేరాల్లేవని మనం దుకాణం బోర్డు మీద రాస్తామా?" అన్నారాయన.

"మీరు బేరాలున్న రోజు కూడా లేవనే చెబుతారు కదండీ" అన్నాను. తప్పు నాది కాదని జనానికి తెలియాలని నా పట్టుదల. ఆ వాక్యం ఉంచేశాను.

ఇంగ్లీషులో ఉద్యోగాల సైటులో పెట్టాను. తెలుగులో, కింద నా నంబరుతో, చేపలు రొయ్యల సాగు చూసే ఆక్వా గ్రూపుల్లో పెట్టాను. మా వైపు ల్యాబు ఖాళీల సంగతి ప్రకటన కన్నా ముందు ఆ గ్రూపుల్లోనే తెలుస్తుంది. ల్యాబువాళ్ళు, మేత డీలర్లు, రైతులు అందరూ వాటిలోనే ఉంటారు. ఎవరు ముందు పలుకుతారా అని నిజంగానే ఆసక్తిగా ఎదురుచూశాను.

సైటులో ధైర్యం చెబుతూ చాలా వ్యాఖ్యలు వచ్చాయి. ఫోన్ మాత్రం కలిదిండి నుంచి మోగింది. నేను గబగబా పెన్ను తీసుకున్నాను.

"నమస్కారమండీ. మీ పోస్టు చూశానండి, చాలా బాధేసిందండి" అన్నాడు ఒక రైతు. ఆ వెంటనే, "ఇంతకీ ఆర్డర్లు తగ్గాయంటే ధర పడిపోద్దంటారాండీ?" అన్నాడు.

తరువాత ఒక మేత డీలరు. ఆయనకూ నా ఉద్యోగం పోయినందుకు విచారమే, ఆయనకూ ధరే కావాలి. ఆ సాయంత్రం వచ్చిన ఫోన్లన్నీ అదే వరస. నాకు నవ్వు, చిరాకు కలిసి వచ్చాయి. ఇంతమంది నన్ను సలహా అడగడం అదే మొదటిసారి, అదీ ఉద్యోగం పోయాక. లోపల కొంచెం గర్వంగా కూడా ఉంది, దాచడం దేనికి. పెద్ద గుట్టు తెలిసినదానిలా ఏదో ఒకటి చెప్పాలని నాలుక దురద పెట్టింది.

అప్పుడు కొల్లేటి లంక గ్రామం నుంచి ఒకావిడ ఫోన్ చేసింది.

"మా చెరువు ఇంకా వంద కౌంటుకే రాలేదండీ. మీ పోస్టు చూసి మా ఆయన పొద్దున్నే పట్టేద్దామంటున్నారండీ. వలలోళ్ళకి కబురు కూడా పెట్టేశారు. పట్టేయమంటారా?"

కౌంటు అంటే కిలోకి తూగే రొయ్యల సంఖ్య. రొయ్య పెరిగేకొద్దీ ఆ సంఖ్య తగ్గుతుంది, ధర పెరుగుతుంది. వంద కూడా రాని చెరువు పడితే రైతుకు మేత ఖర్చు దక్కితే గొప్ప. పైగా భయపడి అందరూ ఒకేసారి పడితే, అప్పటిదాకా పడని ధర కూడా పడుతుంది. నా పరువు కాపాడుకోవడానికి ఉంచుకున్న వాక్యం వెళ్ళి ఆవిడ చెరువు గట్టు మీద కూర్చుంది.

"అమ్మా, ధర సంగతి నాకు తెలియదండీ. నేను శాంపిల్ చూసేదాన్ని, కొనేవాళ్ళు వేరే. నా మాట పట్టుకుని చెరువు పట్టకండి. ఇద్దరు ముగ్గురు కొనేవాళ్ళని అడిగి చూడండి. ఎప్పుడు పట్టినా పరీక్ష చేయించకుండా మాత్రం పట్టకండి" అన్నాను.

"మీకూ తెలియదాండీ?" అంది. ఆ గొంతులో నిరాశ నాకు బాగా వినిపించింది.

వెంటనే సైటులో ఆ వాక్యం తీసేశాను. గ్రూపుల్లోది అప్పటికే ఎన్ని చేతులు మారిందో తెలియదు. అందుకని ఇంకొకటి రాశాను: "ఆర్డర్ల గురించి నేను రాసింది నా ఒక్క ఉద్యోగం పోయిన సంగతి. ధర ఎటు పోతుందో నాకు తెలియదు. దాన్ని చూసి చెరువు ఎప్పుడు పట్టాలో నిర్ణయించుకోకండి. నేను వెతుకుతున్నది ల్యాబు ఉద్యోగం." మా పాత మేనేజరు గారికీ ఫోన్ చేసి చెప్పాను. "కంపెనీ లోపలి మాట బయట పెట్టకుండా ఉండాల్సిందమ్మా. తీసేశారుగా, సరే. ఎవరైనా మీ పని గురించి అడిగితే నేను చెబుతాను" అన్నారు.

ఫోన్లు ఆగిపోయాయి. ఉద్యోగం అడుగుతూ తెలియదని ఊరంతా చాటుకున్నదాన్ని ఎవరు పిలుస్తారని దిగులు పట్టుకుంది.

కొన్నాళ్ళకు ఏలూరు నుంచి పిలుపు వచ్చింది. చెరువు నీళ్ళు, రొయ్యలు పరీక్షించే చిన్న ల్యాబు. యజమాని ఎదురుగా కూర్చోబెట్టి పరీక్షల గురించి అడిగారు.

"ఒకే శాంపిల్ రెండుసార్లు చేస్తే ఫలితం తేడా వచ్చిందనుకోండి, ఏం చేస్తారండీ?"

"ఫలితం ముందే తెలిసిన కంట్రోల్ శాంపిళ్ళతో సరిచూసుకుని మళ్ళీ చేస్తానండీ. అప్పటికీ తేలకపోతే తేలలేదనే రాస్తాను."

ఆయన తల ఊపారు. టీ వచ్చింది. గ్లాసు నా వైపు జరుపుతూ, "అది సరేనండీ. లోపల పనిచేసి వచ్చారు కదా, ధర ఎటు పోతుందంటారు?" అన్నారు.

ఈయనకూ చెరువులున్నాయి కాబోలు. ఏదో ఒకటి చెబితే మెచ్చుకుంటారేమో, ఉద్యోగం వస్తుందేమో. కానీ లంక ఆవిడ గొంతు ఇంకా చెవిలోనే ఉంది.

"తెలియదండీ" అన్నాను.

ఆయన నవ్వారు. "కొల్లేటి వైపు నుంచి ఒకావిడ శాంపిల్ తెచ్చారండీ. చెరువు అప్పుడు పట్టలేదట. ధర సంగతి తెలియదని చెప్పిన ల్యాబు ఆవిడ ఒకరున్నారు, మీ దగ్గర ఖాళీ ఉంటే చూడండి అన్నారు. అది మీరేనా అని అడిగి చూశాను."

నాకు కళ్ళు నిండాయి. టీ తాగుతున్నట్టు గ్లాసు అడ్డం పెట్టుకున్నాను.

"ఆవిడ శాంపిల్ లోపల ఐసులో ఉందండీ. ల్యాబులో చేసే అమ్మాయి మానేసింది, చేసేవాళ్ళు లేరు. మీరు ఎప్పటినుంచి రాగలరు?"

గ్లాసు కింద పెట్టాను. "కోటు ఏదైనా ఉందాండీ?" అన్నాను.