డెబ్బై రెండు డిగ్రీల దగ్గర ఐదో ప్రతిబింబం

డెబ్బైల్లో తిరువూరు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌గా చేరినప్పుడు నాకు పాఠం చెప్పడం కంటే కాపీ పట్టుకోవడమే బాగా వచ్చని నా నమ్మకం. రికార్డు పుస్తకం తెరవగానే ఎవరిది ఎవరు చూసి రాశారో వాసన పట్టేవాణ్ణి.

ఆ వారం చేయించిన ప్రయోగం చిన్నది. డ్రాయింగ్ బోర్డు మీద రెండు అద్దాల్ని అంచులు కలిపి కోణంలో నిలబెట్టాలి. మధ్య ఖాళీలో గుండుసూది గుచ్చి, ఎన్ని ప్రతిబింబాలు కనిపిస్తాయో లెక్కపెట్టాలి. సూత్రం నేనే బోర్డు మీద రాశాను: మూడొందల అరవైని కోణంతో భాగించి ఒకటి తీసెయ్యాలి. తొంభై డిగ్రీలకి మూడు, అరవైకి ఐదు, డెబ్బై రెండుకి నాలుగు.

రికార్డులు దిద్దుతుంటే రెండింటిలో డెబ్బై రెండుకి ఐదు అని ఉంది. మిగతా క్లాసంతా నాలుగే. ఆ రెండూ ఒకే బెంచీ అమ్మాయిలవి. ఒకమ్మాయి రోజూ గంపలగూడెం నుంచి బస్సులో వచ్చేది. రెండో అమ్మాయి ఊళ్లో బట్టల కొట్టు వాళ్లమ్మాయి. ఒప్పు ఎవరికైనా ఒకేలా వస్తుంది, తప్పు ఒకేలా వచ్చిందంటే కాపీయే. ఎర్ర సిరాతో రెండూ కొట్టేసి, క్లాసులోనే లేపి అడిగాను.

"ఎవరిది చూసి ఎవరు రాశారు?"

కొట్టు వాళ్లమ్మాయి తల వంచుకుంది. గంపలగూడెం అమ్మాయి మాత్రం, "ఎవరిదీ చూళ్లేదు సార్. లెక్కపెట్టాం," అంది.

నాకు ఒళ్లు మండింది. తప్పు చేసిందే కాక ఎదురు చెబుతోందనుకున్నాను. సాయంత్రం ఇద్దర్నీ ల్యాబ్‌కి రమ్మన్నాను. కూడబలుక్కుంటారని కొట్టు వాళ్లమ్మాయిని వరండాలో ఉంచి, మొదటి అమ్మాయి చేత అద్దాలు పెట్టించాను. కోణం నేనే కొలిచాను. అరవై పెట్టి డెబ్బై రెండని రాసి ఉంటుందని నా అనుమానం. కాదు, కోణం సరిగ్గానే ఉంది. సూదిని మాత్రం ఎడమ అద్దానికి దగ్గరగా గుచ్చింది.

నేను బల్లకి ఎదురుగా, సరిగ్గా మధ్యలో వంగి చూశాను. నాలుగు.

"ఇప్పుడేమంటావ్?"

"అక్కణ్ణుంచి కాద్సార్. ఇటు రండి, సూది ఉన్న వైపుకి."

ఏదో మాయ చేస్తోందనిపించింది. అయినా ఎడమకి జరిగి చూశాను. నాలుగో దాని పక్కన ఇంకో సూది. ఐదు. మళ్లీ మధ్యకి వస్తే నాలుగు. కుడికి బాగా జరిగితే మూడే. అద్దాల అంచులు సరిగా కలవలేదేమోనని అనుమానమొచ్చి, వేరే అద్దాలు తెచ్చి పెట్టాను. అదే వరస.

రెండో అమ్మాయిని పిలిచి, ఏమీ చెప్పకుండా చెయ్యమన్నాను. ఆ అమ్మాయి సూదిని కుడి అద్దం దగ్గర గుచ్చి, కుడివైపు నుంచి లెక్కపెట్టింది.

"ఐదండి," అంది భయంభయంగా.

అప్పుడు సూది పీకి సరిగ్గా మధ్యలో గుచ్చాను. ఎటు నుంచి చూసినా నాలుగే! నూట ఇరవై డిగ్రీలు పెట్టాను. సూది మధ్యలో ఉంటే రెండు, పక్కకి జరిపితే మూడు. ఆ మూడోది కనబడాలంటే ఈసారి సూదికి అవతలి అద్దం వైపు జరగాల్సొచ్చింది. భాగిస్తే సరిసంఖ్య వచ్చే అరవైకీ తొంభైకీ సూది ఎక్కడున్నా నా సూత్రమే నిలిచింది. ఐదూ మూడూ లాంటి బేసి సంఖ్య వచ్చినచోట సూది మధ్యలో లేకపోతే ఒకటి తీసెయ్యకూడదు. నేను చదువుకునే రోజుల్లో ఈ ప్రయోగం చేశాను. నాలుగని రాశాను. లెక్కపెట్టిన గుర్తు మాత్రం లేదు.

మర్నాడు క్లాసులో వాళ్లు కాపీ కొట్టలేదని చెప్పి, రికార్డుల్లో కొట్టేసిన చోట ఒప్పని రాసి నా సంతకం పెట్టాను. తర్వాత అడిగాను, "నాలుగు వేసినవాళ్లలో నిజంగా లెక్కపెట్టిందెవరు?"

అయిదారు చేతులు లేచాయి. అవైనా ఎంతవరకు నిజమో తెలీలేదు. ముందు వరస కుర్రాడొకడు, "సూత్రం చూసి వేసేశాం సార్," అన్నాడు. అందరూ నవ్వారు. ఆ ఇద్దరూ నవ్వలేదు.

బెల్లు కొట్టాక గంపలగూడెం అమ్మాయి నా బల్ల దగ్గరికొచ్చింది.

"పబ్లిక్ పరీక్షలో ఇదే ఇస్తే ఏం రాయాలి సార్?"

"సూది ఎక్కడ పెట్టావో బొమ్మ గీసి, నువ్వు లెక్కపెట్టిందే రాయమ్మా."

"దిద్దేది మీరేనా?"

"కాదు. బయటినుంచి ఎవరో వస్తారు."

కాసేపు నా మొహంలోకి చూసింది. రికార్డులు కొట్టేసిన రోజు నేను ఆ ఇద్దర్నీ చూసిన చూపే అది. బస్సు టైమైందని వెళ్లిపోయింది.