రాగం తీసేసిన పాట

ఒక్కసారి తప్ప ఎవరికీ చెప్పని విషయం ఒకటుంది. నేను సినిమా పాటలను పాడుకోను, చదువుకుంటాను. మళ్ళీ మళ్ళీ వచ్చే పల్లవినీ, లాలలలనూ వదిలేసి, మిగిలిన మాటలను డైరీలో కవితలా రాసుకుంటాను.

తొంభైల్లో నాన్న ఉద్యోగం ఖతార్‌లోని దుఖాన్‌లో. కంపెనీ క్వార్టర్స్‌లో తెలుగువాళ్ళం ఉగాది చేసుకున్నాం. తలా ఒక కవిత చదవాలి. నన్నడక్కుండానే నాన్న నా పేరిచ్చేశారు. అందరికీ తెలిసిన ఒక హుషారు పాట పేరు చెప్పాను.

"పాడమ్మా, నేను స్టెప్పులేస్తా!" అంటూ ప్రసాద్ అంకుల్ లేచారు. ఫ్యామిలీ వీసా రాక ఆంటీ ఇంకా కాకినాడలోనే ఉన్నారు.

"పాడను అంకుల్, చదువుతాను."

"సినిమా పాట కవిత్వమేంటండీ?" అని ఎవరో నవ్వారు. అందరూ చప్పట్లతో తాళం అందుకున్నారు. నాన్న తల దించుకున్నారు. పారిపోవాలనిపించింది. తాళం ఆగేదాకా నిలబడి, నెమ్మదిగా చదివాను.

"ముగ్గంతా పెట్టాను,
నీ అడుగంత చోటు వదిలాను."

"ఇందులో ఎదురుచూస్తున్నానని లేదు, రమ్మని పిలవనూ లేదు" అన్నాను. "ముగ్గులో వదిలిన ఆ ఖాళీయే అంతా చెబుతోంది. ట్యూన్ జోరులో మనం దాన్ని దాటిపోతాం."

నాన్న పరువు తీశానేమోనని భయపడ్డాను. రాగం తీసేసి నలుగురిలో పైకి చదివితే రెండు పంక్తులు ఇంత బరువెక్కుతాయని నాకూ అప్పుడే తెలిసింది.

ప్రసాద్ అంకుల్ మెల్లగా కూర్చున్నారు.

"మొన్న ఫోన్లో ఈ పాటే వినిపించానమ్మా, మీ ఆంటీ ఏడ్చేసింది. ఎందుకో ఇప్పుడు తెలిసింది."