కూలీ పిల్లకి మైకెందుకన్నాడు

మామిడి కోతలు మొదలైతే నాకు ఆ మేనేజర్ గుర్తొస్తాడు, ఒళ్లు మండుతుంది. నూజివీడు నుంచి చాట్రాయి వెళ్లే దారిలో మామిడితోట మధ్య కట్టిన రిసార్టు అది. నేను రిసెప్షన్‌లో ఉండేదాన్ని. రిసార్టంతా వినిపించే మైకు నా బల్ల మీదే ఉండేది.

పిల్లలెవరైనా తప్పిపోతే ఎవరెవరు ఏం చెయ్యాలో, మైకులో ఏం చెప్పాలో మాకొక కాగితం రాసిచ్చారు. మంచి కాగితమే, అబద్ధమెందుకు. అన్నిటికన్నా ముందు స్విమ్మింగ్ పూల్ చూడాలి. గేట్లు మూసి, బయటికెళ్లే ప్రతి బండీ తనిఖీ చెయ్యాలి. తల్లిదండ్రుల పక్కన ఒకరు కదలకుండా కూర్చోవాలి. మైకులో పిల్ల పేరు చెప్పకూడదు. వినే ఏ వెధవో ఆ పేరుతో పిలిచి చెయ్యి పట్టుకుని తీసుకుపోగలడు. వయసు, బట్టలు చెబితే చాలు, అదీ భోజనానికి పిలిచినంత నెమ్మదిగా. తల్లి చేతికి మాత్రం మైకు ఇవ్వకూడదు. ఆమె ఏడుపు వింటే గెస్టులందరూ కంగారుపడి తలో దిక్కూ పరిగెడతారు. ఒక విడత వెతికాక కూడా దొరక్కపోతే పోలీసులకు ఫోన్ చెయ్యాలి.

ఆ మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చిన తల్లి గెస్టు కాదు. మా తోటలోనే కాయలు ఏరే కూలీ మనిషి. చీర నిండా మామిడి సొన మరకలు. ఐదేళ్ల కూతురు కనిపించడం లేదంది. చెట్టు కింద కూర్చోబెట్టి బుట్ట దింపి వచ్చేసరికి లేదట.

నేను కాగితం తీశాను. మేనేజర్ నా చేతి మీద చెయ్యి పెట్టాడు.

"అది గెస్టుల పిల్లలకి కదమ్మా. కూలోళ్ల పిల్లకి మైకెందుకు? ఎక్కడో ఆడుకుంటా ఉంటది. ఇవాళ హౌస్‌ఫుల్, అనవసరంగా భయపెట్టమాక."

నాకు కోపం నషాళానికి అంటింది.

"పూల్‌కి తెలుసా అండీ, ఎవరి పిల్లో?" అన్నాను.

నేను మీట నొక్కాను. "దయచేసి వినండి. ఐదేళ్ల పాప, పసుపు గౌను, కాళ్లకి చెప్పులు లేవు. మీకు కనిపిస్తే పాపతోనే ఉండి, దగ్గరున్న స్టాఫ్‌కి చెప్పండి."

పూల్‌లో లేదు. గేట్లు మూశారు, కాయల వ్యాన్లలో సరుకు కూడా దింపి చూశారు. పచ్చ చొక్కాల స్టాఫ్ కాటేజీల వెంట, చెట్ల వెంట "పాపా, పాపా" అని పిలుస్తూ తిరిగొచ్చారు. లేదు. నేను పోలీసులకు ఫోన్ చేశాను. మేనేజర్ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి, "ఇంకా గట్టిగా పిలవండి" అంటున్నాడు.

అప్పుడా తల్లి మెల్లగా నాతో అంది. "ఆళ్లు పిలిస్తే రాదండీ. పచ్చ చొక్కా కనిపిస్తే దాక్కుంటదండీ. ఈ వైపుకొస్తే తరుముతారు కదండీ."

నా చెంప మీద ఎవరో కొట్టినట్టయింది. కూలీల పిల్లలు గెస్టుల వైపు కనిపిస్తే తరిమెయ్యాలని మాకు ఆర్డరు. తరిమేవాళ్లనే వెతకడానికి పంపాం. మేం పిలిచేకొద్దీ ఆ పసిది ఇంకా లోపలికి దూరుతోందన్నమాట.

మైకు ఆమె చేతికిచ్చాను. మేనేజర్ లాక్కోబోతే అడ్డం నిలబడ్డాను. ఆమె ఏడవలేదు. ఇంట్లో అన్నానికి పిలిచినట్టే పిలిచింది.

"బంగారుతల్లీ, అమ్మనే. ఎవరూ ఏమీ అనరంట. బయటికి రా."

పూల్ పక్కనున్న పంపు గది వెనక, తడి తువ్వాళ్ల బుట్టలో నుంచి లేచి వచ్చిందట. పక్కనే ఉన్న గెస్టు ఒకావిడ చూసి, మైకులో చెప్పినట్టే వదలకుండా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆ పిల్ల అమ్మ దగ్గరికి పోకుండా ముందు నా చొక్కా చూసి ఆగిపోయింది. అది కూడా పచ్చదే.

"నేనేం ముట్టుకోలేదండీ. జారుడుబల్ల చూశానంతే."

పోలీసులకు పాప దొరికిందని చెప్పాను. ఇక మైకులో కూడా చెప్పాలి. మేనేజర్ కాగితంలో ఆఖరి వాక్యం, పిల్ల దొరికాక చదవాల్సింది, వేలితో చూపించాడు. నేను అది చదవలేదు.

"పాప దొరికిందండీ, తల్లి దగ్గరే ఉంది. వెతికిన అందరికీ దండాలు. పాప ఇప్పుడు జారుడుబల్ల ఎక్కుతుంది. స్టాఫ్ ఎవరూ తరమకండి."

పూల్ దగ్గర నుంచి చప్పట్లు వినిపించాయి. పిల్ల మొహం వెలిగిపోయింది. తల్లి మాత్రం మేనేజర్ వంక చూసి, కూతుర్ని చంకనెత్తుకుంది.

"వద్దులెండి అమ్మగారూ. రేపు పనిలోకి రానివ్వరు."

వెనక గేటు తీయించుకుని వెళ్లిపోయింది. భుజం మీదుగా ఆ పిల్ల జారుడుబల్ల కనిపించినంతసేపూ చూస్తూనే ఉంది.