చెంబూ పళ్లెమూ ఒకే తెర మీద

కూచిపూడి తరంగం చూసేవాళ్లు పైనా కిందా ఒకేసారి చూడాలి. తల మీద నీళ్ల చెంబు కదలకూడదు, పాదాల కింద ఇత్తడి పళ్లెం కదలాలి. పైభాగం ఒక్కటే చూస్తే ఎవరో నిటారుగా నిలబడ్డట్టుంటుంది. కిందిభాగం ఒక్కటే చూస్తే రెండు పాదాలు పళ్లెం అంచు పట్టుకుని జరుగుతుంటాయి. అందులో గొప్పేముందని ఎవరైనా అడగొచ్చు. గొప్పంతా రెండూ ఒకే ఒంటి మీద జరగడంలో ఉంది.

మా టీచరు గారు వయసులో ఉండగా టీవీలో ఆ తరంగం చేశారు. అప్పటి టీవీ తెర దాదాపు చదరం. కెమెరాను దూరంగా పెట్టి, తల నుంచి కాలి దాకా పట్టి, ఎక్కడా ఆపకుండా ఒకే షాటుగా తీశారు. ఇప్పుడు ఆవిడ మోకాళ్లు అరిగిపోయాయి. అమలాపురంలో ఆవిడ క్లాసు నేను నడుపుతున్నాను.

నిరుడు ఆ కార్యక్రమాన్ని ఛానల్ వాళ్లు కొత్త మెరుగులు దిద్ది ఇంటర్నెట్‌లో పెట్టారు. పిల్లలకి చూపిద్దామని సంబరంగా ఫోన్ తెరిచాను. రంగులు బాగున్నాయి, తెర నిండా బొమ్మ ఉంది, మా టీచరు గారు మాత్రం ముక్కలయ్యారు. చదరపు బొమ్మతో వెడల్పు తెర నింపాలంటే ఎత్తులో నాలుగో వంతు కొయ్యాలి. మొత్తం మనిషి పట్టదు కాబట్టి కాసేపు పై మూడు వంతులు ఉంచారు, కాసేపు కింది మూడు వంతులు. చెంబు కనిపిస్తే పళ్లెం లేదు, పళ్లెం కనిపిస్తే చెంబు లేదు. ఆపకుండా తీసిన ఒక్క షాటు ఎన్నో షాట్లుగా తెగిపోయింది.

రెండో రోజే పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒక తండ్రి ఆ వీడియో చూసి మెసేజ్ పెట్టాడు. కాలేజీలో లెక్చరరు. “చెంబూ పళ్లెం కలిపి ఎక్కడా కనపడట్లేదండి. విడివిడిగా తీసి అతికించేరు. టీచరు గారి పేరు చూసే కదండీ మా అమ్మాయిని చేర్పించేను.” తర్వాతి వారం ఆ అమ్మాయి రాలేదు. ఇంకో ఇద్దరు కూడా మానేశారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన ఇంటికెళ్లి దులిపేద్దామని చెప్పులు వేసుకుంటే టీచరు గారు ఆపారు. “నువ్వు అరిస్తే అబద్ధం నిజమైపోతాదమ్మా. ఊరుకో.” ఆ పూట ఆవిడ అన్నం కెలికి వదిలేశారు. ఒక జీవితంలో నిజంగా గర్వపడే పని ఒకటో రెండో ఉంటాయి. ఆవిడకి ఉన్నదాన్ని దొంగసరుకు అంటుంటే ఎలా ఊరుకోను?

ఆవిడ భర్త ఆ కార్యక్రమాన్ని అప్పట్లోనే టీవీ నుంచి వీడియో క్యాసెట్‌లోకి ఎక్కించారు. బీరువాలో ఉందని నాకు తెలుసు. అడిగితే “ఎందుకమ్మా ఇప్పుడు” అని మాట తప్పించారు. నేను పట్టు వదల్లేదు. చివరికి ఆవిడే క్యాసెట్ ఒళ్లో పెట్టుకుని నాతో ఆటో ఎక్కారు.

పెళ్లి వీడియోలు తీసే స్టూడియోలో ఇంకా ఒక వీసీఆర్ పనిచేస్తోంది. స్టూడియో అతను క్యాసెట్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించి గొప్పగా మా వైపు తిప్పాడు. “ఫుల్ స్క్రీన్ చేసేసేనండి. ఏదీ కొయ్యలేదు.”

కొయ్యలేదు నిజమే. పక్కలకి సాగదీశాడు. గుండ్రటి చెంబు గుమ్మడికాయలా ఉంది. సన్నగా నిలబడాల్సిన మనిషి అడ్డంగా పెరిగిపోయింది.

“నేనింత లావుగా ఎప్పుడున్నానమ్మా?” అన్నారు టీచరు గారు. నవ్వుతూనే అన్నారు కానీ గొంతులో నవ్వు లేదు.

“బొమ్మ ఎలా ఉందో అలాగే ఉంచు బాబూ. రెండు పక్కలా నలుపు మిగలనీ” అన్నాను.

అతను మార్చాడు. అప్పుడు ఆవిడ కనిపించారు, అసలు కొలతల్లో. చెంబు నుంచి పళ్లెం దాకా మొత్తం మనిషి. అంతలో జతి వేగం అందుకున్న చోట పళ్లెం కొంచెం జారింది. కుడికాలి మడమ నేలని తాకింది. చెంబులోంచి నీళ్లు చింది భుజం మీద పడ్డాయి. ఆ మరుక్షణమే ఆవిడ మళ్లీ పళ్లెం మీదున్నారు.

ఛానల్ వాళ్లు ఆ చోట పైభాగం ఉంచారు. మడమ కోతలో పోయింది.

“అందుకే వద్దన్నాను” అన్నారు టీచరు గారు మెల్లగా. “అప్పట్లో చిన్న టీవీల్లో ఎవరూ పట్టుకోలేదు. మా గురువు గారొక్కరే చూసేరు. చాన్నాళ్లు నాతో మాట్లాడలేదు.”

స్టూడియో అతను మా ఇద్దరి మొహాలూ చూశాడు. “ఆ చిన్న ముక్క తీసేస్తానండి. ఎవరికీ తెలీదు.”

నిజం చెప్తున్నాను, తీసెయ్యమని నా నోటిదాకా వచ్చింది.

“తీసేస్తే అతికించినట్టేగా బాబూ. ఉంచండి” అన్నారావిడ.

క్లాసు వార్షికోత్సవం అంబాజీపేటలో ఒక ఫంక్షన్ హాల్లో. ఖర్చు పెట్టుకున్నది ఒక కొబ్బరి వ్యాపారి. వేదిక వెనక పెద్ద ఎల్ఈడీ తెర కట్టించారు. ఆ లెక్చరరుకి నేనే ఫోన్ చేసి రమ్మన్నాను. మూడో వరసలో కూర్చున్నాడు, చేతులు కట్టుకుని. టీచరు గారు ముందు వరసలో.

వీడియో మొదలయ్యీ కాకముందే వ్యాపారి గారు ఆపరేటర్ దగ్గరికి పరిగెత్తారు. “అదేంటయ్యా, పక్కలంతా నలుపు? తెరకి అద్దె కట్టింది నలుపు చూడ్డానికా? జూమ్ చెయ్యి.”

ఆపరేటర్ చెయ్యి మౌస్ మీదికి వెళ్లింది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. నా జన్మలో పరాయి మగాడి చెయ్యి అలా పట్టుకోలేదు.

“జూమ్ చేస్తే కాళ్లు పోతాయండి, తల పోతాది. ఆవిడ పరువు పోతాదండి” అన్నాను.

“జనం నవ్వుతారమ్మా.”

“ఆ నలుపులో మీ ఫొటోలు పెట్టుకోండి, ఎవరూ నవ్వరు” అన్నాను ఒళ్లు మండి. నేను వెటకారంగా అన్నదాన్ని ఆయన నిజంగానే పట్టుకున్నారు. ఆపరేటర్ నిమిషంలో సర్దాడు. ఎడమ పక్కా కుడి పక్కా దండం పెడుతున్న వ్యాపారి గారు, మధ్యలో మా టీచరు గారు. చూడ్డానికి రోతగానే ఉంది. కానీ మధ్యది ఎవరూ ముట్టుకోలేదు, నాకదే పదివేలు. వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను.

జతి వేగం అందుకుంటోంది. ఆ చోటు వస్తోందని ఆవిడకీ తెలుసు. నా మణికట్టు పట్టుకున్నారు. తెర మీద పళ్లెం జారింది, మడమ నేలని తాకింది, నీళ్లు చిందాయి. హాలంతా ఒక్కసారి “అయ్యో” అంది. ఆవిడ గోళ్లు నా చర్మంలో దిగాయి. తెర మీద మనిషి తేరుకుని పళ్లెం ఎక్కింది, చెంబు తల మీదే ఉంది. తరంగం ఇంకా చాలా ఉండగానే చప్పట్లు మొదలయ్యాయి.

అయిపోయాక లెక్చరరు మా దగ్గరికి వచ్చాడు. క్షమించమని అడుగుతాడనుకున్నాను. ఆయన అడగలేదు.

“మధ్యలో పడిపోబోయేరండి మీరు. చూసేను” అన్నాడు.

నేను లేవబోయాను. టీచరు గారు నా చెయ్యి వదల్లేదు. ఆయన వైపు చూసి చిన్నపిల్లలా నవ్వారు.

“ఆయ్, నేనేనండి” అన్నారు.