సాలు

హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయిది ఆదోని పక్క పల్లె. సీ ప్రోగ్రామింగ్ ల్యాబ్ పరీక్ష ఈసారీ పోతే చదువు మాన్పిస్తామని ఇంట్లో తేల్చి చెప్పారు. పరీక్షలో, మెమరీలోని హీప్ భాగంలో మ్యాట్రిక్స్‌కు చోటు తీసుకునే ప్రోగ్రాం వచ్చింది. వరసల అడ్రసులకు చోటు అడిగే మాలాక్ రాసింది కానీ, కంగారులో ఒక్కో వరసకూ చోటు అడగడం మరిచింది. ప్రోగ్రాం మధ్యలోనే ఆగిపోయింది. ఇక మిగిలింది వైవా.

కోస్తా నుంచి వచ్చిన సారు అడిగాడట: "మామూలు రెండు డైమెన్షన్ల అరేను ఫంక్షన్‌కు పంపితే, నిలువు వరసలు ఎన్నో ఎందుకు చెప్పాలి?"

జవాబు ఆమెకు తెలుసు. నాకు నేర్పిందే ఆమె. "సాలు పొడవు తెలీకుంటే రెండో సాలు యాడ మొదలైతాదో ఎట్ల తెలుస్తాదే?" అనేది. చేలో నాగలి గీసిన చాలును వాళ్లు సాలు అంటారు; అరేలో అడ్డ వరసనూ ఆమె అలాగే అనేది.

"సాలు, సార్..." అని భయంతో ఆగిందట.

"అప్పుడే చాలా? సరే, వెళ్లమ్మా."

ఆమె లేచి వచ్చేసింది. "సాలంటే ఇంక చాలనుకున్నాడే ఆయప్ప," అని నవ్వబోయి ఏడ్చింది.

ఫలితాలొచ్చాక వాళ్ల నాయన వచ్చి పరుపు చుట్టుకున్నాడు. "నువ్వన్నా బాగా చదువుకోమ్మా," అన్నాడు నాతో. ఆమె నా వైపు చూడలేదు.